రెండు వారాలు లేటైన కాస్టింగులు, ఒక మెయిల్

(జీడిమెట్లలో చిన్న కంపెనీల పర్చేజ్, స్టోర్స్ వాళ్ళు కలిసిన రోజు చెప్పిన మాటలు ఇవి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే, ఫ్యాన్ సౌండ్ ఎక్కువుంది, నేనే కొంచెం గట్టిగా మాట్లాడతా.

నన్ను "సప్లయర్ ఫాలోఅప్" మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద టాపిక్ నావల్ల కాదండీ. నేను ఒకే ఒక్క మెయిల్ గురించి చెప్తా. ఇరవై ఏడేళ్ళు పర్చేజ్‌లో ఉన్నా, ఎన్ని మెయిల్స్ కొట్టానో లెక్క లేదు, ఒక మెయిల్ మాత్రం నాకు లైన్ బై లైన్ గుర్తుంది. అది ఎందుకు రాయాల్సొచ్చింది, ముందు ఎలా రాశాం, తర్వాత ఎలా మార్చాం, ఏమైంది, అంతే. కంపెనీ పేరు చెప్పను, సప్లయర్ పేరు కూడా చెప్పను. మీలో కొంతమంది ఊహించుకుంటారు, ఊహించుకోండి, నన్ను మాత్రం అడక్కండి.

మాది మోనోబ్లాక్ పంపులు చేసే యూనిట్. పంపుకి నీళ్ళు తిరిగే డొప్ప ఉంటుంది కదా, కేసింగ్ అంటాం, పోత ఇనుముది, ఒక్కోటి ఏడు కేజీలు. అది కోయంబత్తూరులో ఒక చిన్న ఫౌండ్రీ నుంచి వచ్చేది. పోత వాళ్ళది, మెషినింగ్ మాది. పంపుకి ఒక కేసింగ్, అది లేకపోతే మోటార్ ఉన్నా, ఇంపెల్లర్ ఉన్నా, డబ్బా మీద స్టిక్కర్‌తో సహా అన్నీ రెడీగా ఉన్నా పంపు లేదు. లైన్ మీద రోజుకి అరవై పంపులు.

పీఓ, అంటే మేం ఇచ్చిన కొనుగోలు ఆర్డర్, 1200 కేసింగులకి. డెలివరీ ఫిబ్రవరి 3, సోమవారం. ఫిబ్రవరి 3 పోయింది, 10 పోయింది, 17 వచ్చింది, మళ్ళీ సోమవారం. ఒక్క పీస్ రాలేదు. ఫిబ్రవరి అంటే మాకు పెళ్ళిళ్ళ సీజన్ లాంటిది, మే దాకా ఎండాకాలం పంపుల డిమాండే డిమాండు. డీలర్‌కి మన పంపు లేకపోతే పక్క కంపెనీది అమ్ముతాడు, వాడికేం పోయింది?

ఈ రెండు వారాలు మా వాళ్ళు ఏం చేశారు? ఫోన్ చేశారు. అవతల "రేపు సార్" అన్నారు. మళ్ళీ ఫోన్ చేశారు, "రెండు రోజుల్లో సార్" అన్నారు. మీకు తెలియని కథ కాదు ఇది.

శనివారం సాయంత్రం మా కుర్రాడు, మంచి పనిమంతుడు, జాయినై రెండేళ్ళు, కోపం వచ్చి ఒక మెయిల్ కొట్టాడు. ఇంగ్లీషులో ఉంది, మీకు తెలుగులో చదువుతా: "మీ నిర్లక్ష్యం చూసి మేం షాక్ అయ్యాం. ఎన్నిసార్లు గుర్తు చేసినా స్పందన లేదు. మెటీరియల్ వెంటనే పంపండి. లేకపోతే ఒప్పందం ప్రకారం పెనాల్టీ వేస్తాం, చట్టపరమైన చర్యలు తీసుకుంటాం." సీసీలో పద్నాలుగు మంది. మా ఎండీ, వాళ్ళ ఓనర్, మా అకౌంట్స్, మా ప్రొడక్షన్, ఎప్పుడో రిజైన్ చేసి వెళ్ళిపోయిన ఒకాయన ఐడీ కూడా ఉంది.

ఆదివారం రిప్లై వచ్చింది. ఒక్క లైను. "డియర్ సార్, వీలైనంత త్వరలో పంపిస్తాం."

నవ్వుతున్నారు కదా? మీ ఇన్‌బాక్స్‌లో ఇలాంటివి ఎన్నున్నాయో చూసుకోండి. కానీ ఒక్కసారి న్యాయంగా ఆలోచించండి, వాళ్ళ తప్పేముంది? మనం అడిగింది ఏంటి? "వెంటనే". వాళ్ళు చెప్పింది ఏంటి? "వీలైనంత త్వరలో". ప్రశ్నకి తగ్గ సమాధానమే ఇచ్చారు. ఎన్ని పీసులు అని మనం అడగలేదు, ఏ తేదీ అని అడగలేదు, ఏ బండిలో అని అడగలేదు.

ఇంక పెనాల్టీ. మా పీఓలో వారానికి అర పర్సెంట్, మొత్తం మీద ఐదు పర్సెంట్ మించకుండా అని ఉంటుంది, మీలో చాలామంది పీఓల్లో కూడా ఇదే ఉంటుంది, ఒకళ్ళ దగ్గర్నుంచి ఒకళ్ళు కాపీ కొట్టిందే కాబట్టి. లెక్క వేద్దాం. కేసింగ్ 700 రూపాయలు. 1200 అంటే ఎనిమిది లక్షల నలభై వేలు. రెండు వారాలకి ఒక పర్సెంట్. ఎంత? 8,400. ఎనిమిది వేల నాలుగు వందల రూపాయలు! దాని కోసమా ఫౌండ్రీ ఓనర్ భయపడి నిద్ర లేస్తాడు? మన లైన్ ఒక్క రోజు ఆగితే పోయేది దానికి ఎన్ని రెట్లో మీకు తెలుసు. పెనాల్టీ క్లాజ్ పనికిరాదు అనట్లేదు, ఉండాలి, కానీ దాన్ని చూపించి ఈ రోజు బండి కదిలించలేం.

సోమవారం పొద్దున్న నేను ఆఫీసుకి వచ్చి ఈ రెండు మెయిల్స్ చూశా. కుర్రాణ్ణి పిలిచి తిట్టలేదు, ముందు ఒక్కటే అడిగా: "లైన్ ఎప్పుడు ఆగుతుంది?" "ఈ వారంలో సార్" అన్నాడు. ఈ వారంలో అంటే? "స్టాక్ 352 ఉంది సార్, ఆరు రోజులు రావచ్చు."

పద స్టోర్స్‌కి అన్నా.

ఇదిగోండి, మెయిల్ అసలు ఇక్కడ మొదలవుతుంది, కంప్యూటర్ ముందు కాదు. స్టోర్స్‌లో ర్యాక్ పక్కన నిలబడి చాక్‌పీసుతో నేల మీద పదేసి గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాం, మెషిన్ షాపులో ఉన్నవి కూడా కలిపి. 310 వచ్చాయి. సిస్టంలో 352. మిగతా 42 ఏమయ్యాయి? మెషినింగ్‌లో పోయినవి, బోర్ పెద్దదైపోయి స్క్రాప్‌లో వేశారు, ఎంట్రీ వెయ్యలేదు. ఆ 310లో కూడా 22కి ఎర్ర ట్యాగ్ ఉంది, క్వాలిటీ వాళ్ళు హోల్డ్‌లో పెట్టినవి. అంటే లైన్‌కి పనికొచ్చేవి 288.

రోజుకి అరవై. సోమ, మంగళ, బుధ, గురు, నాలుగు రోజులకి 240. శుక్రవారానికి మిగిలేది 48. గంటకి ఏడో ఎనిమిదో వెళ్తాయి, అంటే శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి ర్యాక్ ఖాళీ. "ఈ వారంలో" కాదండీ, శుక్రవారం మూడున్నర. సిస్టం నమ్ముకుని కూర్చుంటే శనివారం సాయంత్రం దాకా ఫర్వాలేదు అనుకునేవాళ్ళం.

ఇప్పుడు వెనక్కి రండి. కాస్టింగ్ గేట్‌లోకి వచ్చిన వెంటనే లైన్ మీదకి పోదు. ఇన్‌స్పెక్షన్, మెషినింగ్, నీళ్ళ ప్రెషర్ టెస్ట్, ఇవన్నీ అయ్యి మొదటి ట్రాలీ లైన్‌కి చేరడానికి మాకు రెండు రోజులు. అంటే బుధవారం పొద్దున్నకి గేట్ దగ్గర ఉండాలి. కోయంబత్తూరు నుంచి హైదరాబాద్ తొమ్మిది వందల కిలోమీటర్ల పైనే. మామూలుగా పార్ట్ లోడ్‌లో వేస్తారు, ట్రాన్స్‌పోర్ట్ వాడి గోడౌన్‌లో దించి, ఇంకో లారీకి ఎక్కించి, నాలుగు రోజులు. అది కుదరదు. మన సరుకు ఒక్కటే పెట్టుకుని చిన్న బండి నేరుగా వస్తే ముప్పై ఆరు గంటలు. బుధవారం పొద్దున్న మైనస్ ముప్పై ఆరు గంటలు, ఎంత? సోమవారం రాత్రి.

అంటే ఈ రోజు రాత్రి. మేం స్టోర్స్‌లో నిలబడి చాక్‌పీసు పట్టుకున్న ఆ రోజు రాత్రి! కుర్రాడి మొహం చూడాలి మీరు. అప్పటిదాకా వాడికి ఇంకా వారం ఉంది అనుకుంటున్నాడు, ఉన్నది పన్నెండు గంటలు.

ఇంకో లెక్క. ఇప్పటికిప్పుడు 1200 కావాలా మనకి? అక్కర్లేదు. నాలుగు రోజుల సరుకు, 240, ఏడు కేజీల చొప్పున టన్నూ ఏడొందల కేజీల లోపు, రెండు టన్నుల బండిలో సరిపోతుంది. 1200 అడిగితే సప్లయర్ చెయ్యలేడు, చెయ్యలేనిది అడిగితే "త్వరలో" అంటాడు. 240 అడిగితే కూర్చుని ఆలోచిస్తాడు.

ఇది అయ్యాక అకౌంట్స్‌కి వెళ్ళాం. ఎందుకు వెళ్ళానో మీలో సగం మందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మనం ఆయనకి ఎంత బాకీ? రెండు బిల్లులు, కలిపి ఐదు లక్షల అరవై వేలు, అందులో ఒకటి డెబ్బై ఒక్క రోజులుగా పెండింగ్. మా టర్మ్స్ 45 రోజులు. ఆయన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న యూనిట్, నంబరు ఆయన ఇన్వాయిస్ మీదే అచ్చేసి ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం అలాంటి వాళ్ళకి ఒప్పందం ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అది కూడా నెలనెలా చక్రవడ్డీ. పైగా 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, అలాంటి చిన్న యూనిట్‌కి గడువు లోపల కట్టని డబ్బు కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి, మీ ఆడిటర్లు చెప్పే ఉంటారు. ఇక్కడ మనమే డెబ్బై ఒక్క రోజులు ఆపుకుని, మనమే "చట్టపరమైన చర్యలు" అని మెయిల్ కొట్టాం. ఆయన తలుచుకుంటే సమాధాన్ పోర్టల్‌లో మన మీదే ఫిర్యాదు పెట్టొచ్చు. దొంగే దొంగా దొంగా అన్నట్టు లేదూ?

తొమ్మిదీ పావుకి ఫోన్ చేశా. ఓనర్‌కే. నేను కోపంగా మాట్లాడలేదు, బతిమాలనూ లేదు. "సార్, మీ దగ్గర మా కేసింగులు ఇప్పుడు ఎక్కడెక్కడ ఎన్నున్నాయి?" అని అడిగా. ఎప్పుడు పంపిస్తారు అని అడగలేదు గమనించండి. ఎప్పుడు అని అడిగితే మనిషి మనకి నచ్చే తేదీ చెప్తాడు. ఎక్కడున్నాయి అని అడిగితే షెడ్‌లోకి వెళ్ళి చూసి రావాలి. ఆయన "చూసి చెప్తా సార్, సూపర్‌వైజర్ రావాలి" అన్నాడు. సరే, మెయిల్ పెడుతున్నా, దానికి రిప్లైగా పంపండి, ఒంటి గంట లోపు అన్నా.

ఇప్పుడు మెయిల్. పది గంటలకి వెళ్ళింది. టూలో ఇద్దరే, ఓనర్, ఆయన డిస్పాచ్ చూసే అబ్బాయి. సీసీలో మా ప్రొడక్షన్ మేనేజర్ ఒక్కడు. సబ్జెక్ట్ లైన్‌లో "అర్జెంట్" అన్న మాట లేదు, ఆశ్చర్యార్థకాలు లేవు. "పీఓ 412, కేసింగ్, 240 పీసులు ఈ రోజు రాత్రి లోడింగ్, మీ కన్ఫర్మేషన్ 1 గంట లోపు" అని ఉంది. మెయిల్ తెరవకపోయినా సబ్జెక్ట్ చూస్తే పని తెలిసిపోవాలి, ఎందుకంటే ఫౌండ్రీలో వాళ్ళు మెయిల్ చూసేది ఫోన్‌లో, చేతికి నల్ల ఇసుక ఉంటుంది, కిందకి స్క్రోల్ చేస్తారన్న గ్యారంటీ లేదు.

లోపల ఏముందో చదువుతా, కాగితం తెచ్చుకున్నా.

"పొద్దున్న ఫోన్‌లో మాట్లాడినదానికి ఇది రాతపూర్వకం. పీఓ 412 ప్రకారం 1200 కేసింగులు ఫిబ్రవరి 3కి రావాలి. ఈ రోజు 17, ఇంకా ఒక్కటీ రాలేదు. మా దగ్గర వాడుకోగలిగినవి 288. శుక్రవారం మధ్యాహ్నం 3:30కి అయిపోతాయి, ఆ తర్వాత మా పంపు లైన్ ఆగుతుంది. ఆగకుండా ఉండాలంటే 240 పీసులు బుధవారం పొద్దున్నకి మా గేట్‌కి చేరాలి, అంటే ఈ రాత్రి లోడ్ అవ్వాలి.

మీ నుంచి ఈ మధ్యాహ్నం 1 గంట లోపు మాకు కావాల్సినవి రెండు. ఒకటి, ఈ ఆర్డర్‌లో పోత పోసినవి ఎన్ని, అందులో గ్రైండింగ్ కావాల్సినవి ఎన్ని, గ్రైండింగ్ అయినవి ఎన్ని, ప్యాక్ అయినవి ఎన్ని, ఇంకా పొయ్యాల్సినవి ఎన్ని. రెండు, ఈ రాత్రి 240 లోడ్ చెయ్యగలరా, చెయ్యలేకపోతే ఎన్ని చెయ్యగలరు. మిగతావాటికి తేదీలతో ప్లాన్ రేపు సాయంత్రానికి పంపండి.

మా వైపు నుంచి: మీ పాత బిల్లుల్లో డెబ్బై ఒక్క రోజుల బిల్లు ఈ రోజు 12 లోపు బ్యాంక్‌లో వేస్తున్నాం, యూటీఆర్ నంబర్ ఇదే మెయిల్‌కి పంపిస్తాం. రెండోది శుక్రవారం. ఆలస్యానికి మా సారీ. బండి మేం బుక్ చేస్తున్నాం, నంబర్ 3 గంటలకి ఇస్తాం. బండి కిరాయి ఎవరు పెట్టుకోవాలో తర్వాత మాట్లాడుకుందాం, దానికోసం లోడింగ్ ఆపొద్దు.

ఇన్‌స్పెక్షన్ మామూలుగానే ఉంటుంది, తొందర కోసం ఏ చెకింగ్ వదలం. ఆలస్యంగా వచ్చే ఈ సరుకు మేం తీసుకుంటున్నంత మాత్రాన ఆలస్యం వల్ల మాకు రావాల్సిన పరిహారం వదులుకున్నట్టు కాదు."

అంతే. ఇదీ మెయిల్. ఇంగ్లీషులో ఒక పేజీ లోపే.

ఇందులో చివరి వాక్యం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది దాన్ని రాయరు, నేనూ మొదటి పదేళ్ళు రాయలేదు. నేను లాయర్ని కాదు, ఒక లాయర్ దగ్గర దెబ్బ తిని నేర్చుకున్నా. 1872 నాటి మన కాంట్రాక్ట్ చట్టంలో 55వ సెక్షన్ ఉంది. టైం ముఖ్యం అని ఉన్న ఒప్పందంలో అవతలివాడు లేటు చేశాడనుకోండి, ఆ లేటు సరుకుని మీరు తీసుకున్నారనుకోండి, తీసుకునేటప్పుడే "నేను నష్టపరిహారం అడుగుతాను" అని నోటీసు ఇవ్వకపోతే తర్వాత ఆ లేటు గురించి అడగడానికి లేదు. తర్వాత ఎంత అరిచినా లేదు. మన దగ్గర ఏం జరుగుతుంది? పర్చేజ్‌లో మనం యుద్ధం చేస్తుంటాం, అక్కడ గేట్ దగ్గర స్టోర్స్ అబ్బాయి నవ్వుతూ చలాన్ మీద సంతకం పెట్టి స్టాంప్ వేసేస్తాడు. అయిపోయింది. అందుకే మెయిల్‌లో ఆ వాక్యం, సరుకు అందిందని మనం రాసుకునే జీఆర్ఎన్ మీద కూడా "16 రోజులు ఆలస్యం, పరిహారం హక్కు ఉంచుకుని తీసుకున్నాం" అని ఒక లైను, రెండూ ఉండాలి. బెదిరింపు కాదిది, గొంతు పెంచక్కర్లేదు, మామూలుగా రాసేస్తే సరిపోతుంది.

ఇక్కడ ఒకాయన చెయ్యెత్తారు, అడగండి సార్. "సారీ అని రాస్తే మన తప్పు ఒప్పుకున్నట్టు కాదా?" అంటున్నారు. మంచి ప్రశ్నే. పేమెంట్ లేటు అనేది మన బ్యాంక్ స్టేట్‌మెంట్‌లోనే ఉంది సార్, మనం రాయకపోతే దాగుతుందా? దానికి సారీ చెప్పాం, డెలివరీ లేటుకి చెప్పలేదు. రెండూ వేరు వేరు వాక్యాల్లో ఉన్నాయి చూడండి. రెండూ కలిపి "ఇరువైపులా కొన్ని జాప్యాల వల్ల" అని రాస్తే మాత్రం మీరన్నట్టు ఇరుక్కుంటాం.

సరే, ఏమైంది? పన్నెండుంబావుకి యూటీఆర్ పంపాం. పన్నెండూ నలభైకి రిప్లై వచ్చింది. ఈసారి ఒక్క లైను కాదు. చేత్తో రాసిన కాగితం ఫోటో తీసి పెట్టారు, మూల మీద వేలిముద్ర మసి. ప్యాక్ అయినవి 85. గ్రైండింగ్ అయి పెయింట్ కోసం ఉన్నవి 130. ఇసుకలోంచి తీసి గ్రైండింగ్ కోసం కుప్ప పోసినవి 310. ఇంకా పొయ్యాల్సినవి 675.

లెక్కపెట్టండి. 85, 130, మొత్తం 215. ఇంకో పాతిక గ్రైండింగ్ చేస్తే 240. సాయంత్రానికి అయిపోయే పని! అంటే ఎనభై ఐదు పీసులు డబ్బాల్లో కట్టి కూర్చున్నాయి, మేం ఇక్కడ రెండు వారాలు జుట్టు పీక్కుంటున్నాం.

నేను ఫోన్ చేసి అడిగా, ఏంటి సార్ ఇది, ఉన్నవి పంపొచ్చు కదా అని. ఆయన ఏమన్నాడో తెలుసా? "మీ పీఓలోనే రాశారు కదా సార్, పార్ట్ డిస్పాచ్ ఒప్పుకోం అని."

తీసి చూశా. ఉంది. నిబంధనల పేజీలో పదకొండో పాయింట్. ఎప్పుడో ఇంపోర్ట్ బేరింగుల కోసం చేసిన పీఓ ఫార్మాట్, ఫ్రైట్ రెండుసార్లు పడకూడదని పెట్టిన లైను, దాన్నే కాపీ కొట్టుకుంటూ కాస్టింగులకి కూడా పంపిస్తున్నాం. మా ఆఫీసులో ఎవ్వరూ చదవలేదు ఆ పేజీ, చదివింది ఆయన ఒక్కడే.

మరి పోత ఎందుకు సగం కూడా అవ్వలేదు? అది మన డబ్బుల వల్ల. చిన్న ఫౌండ్రీ అంటే పిగ్ ఐరన్, స్క్రాప్ నగదు పెట్టి కొనుక్కోవాలి, పెద్దవాళ్ళలా అప్పు దొరకదు. మన ఐదున్నర లక్షలు ఇరుక్కుంటే ఆయన కొనగలిగిన ఇనుములో టైముకి డబ్బులిచ్చే ఇంకో కస్టమర్ కాస్టింగులు ముందు పోశాడు. నేనైనా అదే చేస్తా. ఇది ఆయన నోటితో చెప్పలేదు, బిల్లు పడ్డాక మర్నాడు పంపిన ప్లాన్ చూస్తే తెలిసిపోయింది: మంగళవారం నుంచి రోజుకి వంద పోత.

బండి సంగతి. సాయంత్రం ఐదున్నరకి ఫౌండ్రీ గేట్‌లో పెట్టాం. పార్ట్ డిస్పాచ్ కాబట్టి 240కి వేరే ఇన్వాయిస్, దానికి ఈ-వే బిల్, సరుకు విలువ యాభై వేలు దాటింది కదా. ఆయన అకౌంటెంట్ అప్పటికే 1200కి బిల్లు రెడీ చేసి పెట్టుకున్నాడట, మళ్ళీ చెయ్యడానికి గంట. ఇది నేను మెయిల్‌లో రాయడం మర్చిపోయా, "240కి విడిగా ఇన్వాయిస్" అని. రాసుంటే ఆ గంట మిగిలేది. రాత్రి తొమ్మిదింటికి బండి కదిలింది.

బుధవారం పొద్దున్న వస్తుందనుకున్నాం. అనంతపురం దగ్గర బ్రేక్‌డౌన్. బుధవారం రాత్రి తొమ్మిదికి వచ్చింది. పన్నెండు గంటలు అక్కడ పోయాయి. నేను వెనక్కి లెక్క వేసేటప్పుడు దారిలో అరపూట కూడా అదనంగా పెట్టుకోలేదు, పెట్టుకోవడానికి లేదు కూడా, ఎందుకంటే మేం కళ్ళు తెరిచిందే సోమవారం. ముందు గురువారమే స్టోర్స్‌కి వెళ్ళి చాక్‌పీసు పట్టుకునుంటే ఈ బ్రేక్‌డౌన్ ఎవరికీ గుర్తు కూడా ఉండేది కాదు.

శుక్రవారం మూడున్నరకి లైన్ ఆగింది. అవును, ఆగింది. కానీ రెండు గంటలే, ఓ పన్నెండు పంపులు. ముందే తెలుసు కాబట్టి మా ప్రొడక్షన్ ఆయన కన్వేయర్ గ్రీజింగ్, టెస్ట్ బెంచ్ మీటర్లు మార్చడం, నెలాఖరుకి ఉన్న పని అంతా ఆ రెండు గంటల్లోకి లాగేశాడు. శనివారం పొద్దున్న లైన్ మళ్ళీ అరవైకి వచ్చింది.

240లో ప్రెషర్ టెస్ట్‌లో 19 చెమర్చాయి. కాస్టింగ్ లోపల సన్న బుడగలు, కంటికి కనపడవు, నీళ్ళు పట్టించి ప్రెషర్ ఎక్కిస్తే బయట చెమట పట్టినట్టు మెరుస్తుంది. మామూలుగా మాకు ఆ సైజు లాట్‌లో నాలుగో ఐదో వచ్చేవి. ఇదే నేను భయపడింది. లేటైన సప్లయర్ని తరిమితే, వాడు లోహం వేడి సరిగ్గా రాకముందే పోస్తాడు, లేకపోతే పక్కన పెట్టిన డౌట్ పీసులు కలిపేస్తాడు. ఆ సోమవారం మా ప్రొడక్షన్ వాళ్ళు "ఈ ఒక్కసారికి టెస్ట్ వదిలేద్దాం" అన్నారు, అరిచారు కూడా. వదిలేసి ఉంటే ఆ పందొమ్మిదీ ఏ మహబూబ్‌నగర్ రైతు బావి దగ్గరో కారేవి. అందుకే ఆ ఇన్‌స్పెక్షన్ వాక్యం మెయిల్‌లో సప్లయర్ కోసం ఎంత పెట్టానో మా వాళ్ళ కోసం కూడా అంత పెట్టా, సీసీలో ప్రొడక్షన్ మేనేజర్ ఉన్నాడు కదా.

మిగిలిన 221 బుధవారం మధ్యాహ్నం దాటే దాకా వచ్చాయి. అప్పటికి రెండో లాట్, 285, మామూలు పార్ట్ లోడ్‌లోనే, గురువారం బయల్దేరి సోమవారం గేట్‌కి వచ్చేసింది. ఆ తర్వాత కొత్త పోత సరుకు వారానికి రెండు ట్రిప్పులు. మార్చి రెండో వారానికి 1200 పూర్తి.

ఆఖరికి ఇంకో ప్రశ్న వచ్చింది, ముందు వరుసలో అమ్మ అడుగుతున్నారు: "మరి పెనాల్టీ వేశారా?" వెయ్యలేదండీ. పార్ట్ డిస్పాచ్ వద్దని రాసింది మనం, డబ్బులాపింది మనం, ఏ మొహం పెట్టుకుని వేస్తాం? హక్కు ఉంచుకున్నాం, వాడలేదు, అంతే. కానీ బండి కిరాయి పాతిక వేలు అయ్యింది, అందులో సగం ఆయన పెట్టుకోవాలన్నా, ఎందుకంటే ఫిబ్రవరి 3కి అవ్వట్లేదని ఆయనకి జనవరి చివరలోనే తెలుసు, ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. పన్నెండున్నర వేలకి డెబిట్ నోట్ పంపాం. రెండో రోజే సంతకం పెట్టి తిప్పి పంపాడు, కింద పెన్నుతో ఒక లైను రాసి: "పదకొండో పాయింట్ తీసేసి పీఓ మళ్ళీ పంపండి సార్."